పాట అమ్మేస్తున్నావా, లీజుకి ఇస్తున్నావా? మ్యూజిక్ లైసెన్స్ అగ్రిమెంట్‌ని పేజీ పేజీ చదివిన ఎపిసోడ్

ఏలూరు నుంచి మళ్ళీ నేనే. ఈ ఎపిసోడ్‌లో ఒక పీడీఎఫ్ చదువుదాం. బోర్ కొడుతుందని స్క్రోల్ చేసేయకండి, ఇందులో మా ఫ్రెండ్ పాట ఉంది.

వాడిది కొల్లేరు లంకల్లో ఒక ఊరు. పేరు చెప్పొద్దన్నాడు, చెప్పను. కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతరకి ఒక పాట రాసుకున్నాడు. ట్యూన్ కూడా వాడిదే, పాడింది కూడా వాడే. తాడేపల్లిగూడెంలో ఒక చిన్న స్టూడియోలో పద్దెనిమిది వేలు పెట్టి రికార్డ్ చేయించాడు. ఇన్‌స్టాలో ముప్పై సెకన్ల ముక్క పెడితే జనం బాగానే చూశారు. ఓ వారంలో ఒక మ్యూజిక్ కంపెనీ వాళ్ళు ఫోన్ చేశారు. నలభై వేలు అడ్వాన్స్, వచ్చే డబ్బులో సగం వాటా, శుక్రవారంలోగా సంతకం. పదకొండు పేజీల ఇంగ్లీష్ పీడీఎఫ్ వాట్సాప్‌లో వచ్చింది. వాడు నాకు పంపించి ఒక్క ముక్క పెట్టాడు: "ఒరేయ్, నలభై వేలురా. పెట్టేయనా సంతకం?"

రేపు పొద్దున్నే ఏలూరు వచ్చేయ్, అప్పటిదాకా పెన్ను ముట్టుకోకు అన్నాను.

ముందే చెప్తున్నా, నేను లాయర్ని కాదు. బీటెక్ చేసి నాలుగేళ్ళు కోడ్ రాసినవాణ్ణి. కానీ కాంట్రాక్ట్ చదవడం వేరేవాడు రాసిన కోడ్ చదవడం లాంటిదే. రెండో పేజీలో ఒక మాటకి అర్థం డిఫైన్ చేస్తాడు, ఏడో పేజీలో ఆ మాట వాడుకుంటాడు. ఏడో పేజీ ఒక్కటే చదివితే మనకి అంతా మంచిగానే కనిపిస్తుంది. ఇద్దరం కలిసి చదివాక, లోకల్‌గా ఒక లాయర్ గారికి చూపించి సరిచూసుకున్నాం. మీరూ ఆ పని చేయండి.

ఇప్పుడు పాయింట్‌కి వద్దాం. మా వాడి నాన్నగారు చేపల చెరువు లీజుకి తీసుకుని సాగు చేస్తారు. అందుకని వాడికి నేను మొదట అడిగింది ఇదే: "చెరువు లీజుకి ఇచ్చేటప్పుడు ఏం మాట్లాడుకుంటారు?" టకటకా చెప్పేశాడు. ఏ చెరువు, ఎన్నెకరాలు, ఎన్నేళ్ళు, ఎకరానికి ఎంత, ఎప్పుడెప్పుడు కట్టాలి, చివర్లో గట్లు ఏ స్థితిలో ఉండగా అప్పజెప్పాలి. సరిగ్గా అవే ప్రశ్నలు ఈ పీడీఎఫ్‌ని కూడా అడగాలి. తేడా ఒకటే. చెరువుకి గట్టు ఉంటుంది, కళ్ళకి కనిపిస్తుంది. పాటకి గట్లు కాగితం మీద మాత్రమే ఉంటాయి.

మొదటిది, అసలు ఏం ఇస్తున్నాం? పైన పెద్ద అక్షరాల్లో 'మ్యూజిక్ లైసెన్స్ అగ్రిమెంట్' అని ఉంది. లోపల మూడో క్లాజ్‌లో మాత్రం 'గ్రాంట్స్ అండ్ అసైన్స్' అని ఉంది. లైసెన్స్ అంటే లీజు, ఓనర్ మనమే. అసైన్ అంటే ఆ హక్కు వాళ్ళ పేరు మీదకి వెళ్ళిపోవడం. హెడ్డింగ్‌లో ఏముందన్నది కాదు, లోపల క్రియ ఏముందన్నది చూడాలి. ఆ 'అసైన్స్' అన్న ఒక్క పదం కొట్టేసి 'లైసెన్సెస్' అని పెట్టమని అడగడం మా లిస్టులో మొదటి ఐటమ్.

ఇంకో విషయం. మనం ఒక పాట అంటాం కానీ చట్టం దృష్టిలో అందులో వేరువేరు ఆస్తులున్నాయి. సాహిత్యం ఒకటి, ట్యూన్ ఒకటి, రికార్డింగ్ ఇంకొకటి. రికార్డింగ్‌కి మామూలుగా ఓనర్ ఎవరంటే దాన్ని పూనుకుని, బాధ్యత తీసుకుని చేయించినవాడు. ఇక్కడ అది కూడా మా వాడే. ఇవి వేరువేరు అన్న సంగతి మనకి 2017లో గట్టిగా తెలిసింది. ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గారు అమెరికా టూర్‌లో ఉండగా, తన పాటలు అనుమతి లేకుండా కచేరీల్లో పాడొద్దని ఇళయరాజా గారి తరఫున లీగల్ నోటీస్ వెళ్ళింది. మనందరికీ అవి బాలు గారి పాటలే. కానీ గొంతు వేరు, ట్యూన్ మీద హక్కు వేరు. ఆ గొడవలో ఎవరిది రైట్ అని నేను మాట్లాడట్లేదు. ఆ రెండూ రెండు అని మాత్రం గుర్తుపెట్టుకోండి.

కంపెనీకి నిజంగా కావాల్సింది ఆ రికార్డింగ్‌ని యూట్యూబ్‌లో, స్ట్రీమింగ్ యాప్స్‌లో, కాలర్ ట్యూన్‌గా పెట్టుకునే హక్కు. క్లాజ్‌లో మాత్రం రీమిక్స్, వేరే భాషలోకి మార్చడం, సినిమాలో వాడటం, యాడ్‌లో వాడటం అన్నీ కలిపి ఉన్నాయి. రేపు ఎవరో సినిమావాళ్ళు జాతర సీన్‌కి ఈ పాట కావాలంటే, మా వాడికి ఒక్క ముక్క చెప్పకుండా ఇచ్చేయొచ్చు. సినిమాకి, యాడ్‌కి, రీమిక్స్‌కి మాత్రం ప్రతిసారీ రాతపూర్వకంగా అడగాలి అని రాయించాం. ఇది అడిగితే చాలామంది ఒప్పుకుంటారు. అడగకపోతే ఎవరూ వాళ్ళంతట వాళ్ళు ఇవ్వరు.

ఇక్కడ ఒక మంచి వార్త. కాపీరైట్ చట్టం 1957ది, దానికి 2012లో పెద్ద సవరణ వచ్చింది. పాట రాసినవాళ్ళు, ట్యూన్ కట్టినవాళ్ళు హక్కులు అసైన్ చేసినా సరే, ఆ పాట వాడకం మీద వచ్చే రాయల్టీలో సమాన వాటా తీసుకునే హక్కుని వదులుకోలేరు. వారసులకో, కాపీరైట్ సొసైటీకో తప్ప దాన్ని ఎవరికీ రాసివ్వలేరు. అలా రాయించుకున్నా ఆ మాట చెల్లదు. ఇది సాహిత్యానికి, ట్యూన్‌కి సంబంధించిన వాటా. ఈ డబ్బు వసూలు చేసే సొసైటీ ఐపీఆర్ఎస్. మా వాడు అందులో మెంబర్ కాదు, ఆ పేరే వినలేదు. మెంబర్‌షిప్ వాడి సొంత పేరు మీద ఉండాలి. పీడీఎఫ్‌లో తొమ్మిదో పేజీలో 'సొసైటీ వాటాలు కంపెనీయే తీసుకుంటుంది' అని చిన్న లైన్ ఉంది. దాన్ని కొట్టేయించాం.

రెండోది టెరిటరీ. అంటే ఏ ఏ దేశాల్లో. పీడీఎఫ్‌లో 'త్రూఅవుట్ ద యూనివర్స్' అని ఉంది. మా వాడు నవ్వాడు, "చంద్రుడి మీద జాతర చేస్తారేంట్రా?" అని. నవ్వొచ్చినా ఇది కాంట్రాక్టుల్లో మామూలు మాటే.

మీలో కోడింగ్ తెలిసినవాళ్ళకి ఇక్కడ ఒక పోలిక చెప్తా. ఫంక్షన్‌కి ఆర్గ్యుమెంట్ ఇవ్వకపోతే డిఫాల్ట్ వాల్యూ తీసుకుంటుంది కదా, చట్టంలో సెక్షన్ 19 కూడా అంతే. ఏ ప్రాంతమో రాయకపోతే ఇండియా వరకే. ఎన్నేళ్ళో రాయకపోతే ఐదేళ్ళే. ఇవి అసైన్‌మెంట్ గురించి చెప్పినవి, కానీ 30ఏ సెక్షన్ వల్ల లైసెన్సులకీ వర్తిస్తాయి. అయితే ఏదో ఒకటి రాశారంటే డిఫాల్ట్ పోయినట్టే. 'యూనివర్స్' అని రాయగానే ఆ రక్షణ ఆఫ్ అయిపోయింది. అందుకే ఎవరైనా "చట్టంలో ఐదేళ్ళే ఉంది, కంగారు పడకు" అంటే నమ్మకండి. కాగితంలో ఏమీ రాయకపోతేనే ఆ ఐదేళ్ళు.

మరి ఇండియా వరకే ఇస్తాం అని పట్టుబట్టాలా? మా గోదావరి వైపు జనం గల్ఫ్‌లో ఉన్నారు, అమెరికాలో ఉన్నారు. జాతర పాట వినేది ముఖ్యంగా ఊరికి దూరంగా ఉన్నవాళ్ళే. యూట్యూబ్ కంటెంట్ ఐడీలో దేశాల వారీగా ఓనర్‌షిప్ పెట్టే వీలుంది, కాబట్టి ఇండియా వాళ్ళకి, మిగతాది మనకి అని విడగొట్టవచ్చు. కానీ అప్పుడు మిగతా దేశాల్లో అప్‌లోడ్లు, క్లెయిమ్‌లు, లెక్కలు మా వాడే చూసుకోవాలి. పగలంతా చెరువు దగ్గర ఉండే మనిషి అది చేయగలడా? నా సలహా, దేశాల దగ్గర ఉదారంగా ఉండు, ఏళ్ళ దగ్గర మాత్రం పిసినారిగా ఉండు. ప్రపంచం మొత్తం ఇచ్చేశాం, దానికి బదులుగా టైమ్ తగ్గించమని అడిగాం.

మూడోది ఆ టైమే. పీడీఎఫ్‌లో 'పర్పెచ్యుటీ' అని ఉంది, అంటే శాశ్వతంగా. ఈ దేశంలో సాహిత్యానికి, ట్యూన్‌కి కాపీరైట్ రచయిత జీవితకాలం, ఆ తర్వాత ఇంకో 60 ఏళ్ళు. రికార్డింగ్‌కి విడుదల తర్వాత 60 ఏళ్ళు. మా వాడికి ఇప్పుడు 24. శాశ్వతం అంటే వాడి మనవళ్ళు పెద్దవాళ్ళయినా పాట వీళ్ళకి తిరిగి రాదు. నలభై వేలకి.

ఐదేళ్ళు అడిగాం. వాళ్ళు పదేళ్ళన్నారు. ఫోన్లో చాలాసేపు బేరం అయ్యాక ఐదు సరే అన్నారు కానీ, తిరిగొచ్చిన డ్రాఫ్ట్‌లో ఒక చిన్న మెలిక కనపడింది. 'విడుదల తేదీ నుంచి ఐదేళ్ళు' అని ఉంది. బాగానే ఉంది కదా అనిపిస్తుంది. కానీ వాళ్ళు అసలు విడుదలే చేయకపోతే? గడియారం మొదలవదు, పాట వాళ్ళ బీరువాలోనే ఉంటుంది, మా వాడు ఇంకెవరికీ ఇవ్వలేడు. సంతకం తేదీ నుంచి ఐదేళ్ళు అని మార్పించాం. దాని కిందే ఆటో రెన్యూవల్ ఉంది. గడువుకి 90 రోజుల ముందు మనం వద్దని మెయిల్ పెట్టకపోతే ఇంకో ఐదేళ్ళు. అది తీయమంటే తీయలేదు. అందుకని మా వాడు నా ముందే ఫోన్‌లో రిమైండర్ పెట్టుకున్నాడు, వాళ్ళ చెల్లి ఫోన్‌లో కూడా పెట్టించాడు. ఐదేళ్ళలో ఫోన్ మారిపోతుంది కదా.

ఇప్పుడు డబ్బు. ఇక్కడ కాస్త నెమ్మదిగా వెళ్దాం, ఎందుకంటే మా వాడు మోసపోబోయింది ఇక్కడే. 'సగం వాటా' అన్నారు. దేనిలో సగం? ఏడో పేజీలో 'నెట్ రెవెన్యూలో 50 శాతం' అని ఉంది. నెట్ రెవెన్యూ అంటే ఏంటో రెండో పేజీలో డిఫైన్ చేశారు. వచ్చిన మొత్తంలోంచి డిస్ట్రిబ్యూషన్ ఫీజు, ప్రమోషన్ ఖర్చు, 'ఇతర ఖర్చులు' తీసేశాక మిగిలేది. ఇచ్చిన అడ్వాన్స్ కూడా మా వాడి వాటాలోంచే రికవర్ చేస్తారు.

లెక్క వేసి చూద్దాం. ఉదాహరణకి ఏడాదిలో పాట మీద లక్షా ఇరవై వేలు వచ్చిందనుకోండి. మా వాడి బుర్రలో ఉన్న లెక్క: సగం అంటే అరవై వేలు, నలభై ముందే ఇచ్చారు, ఇంకో ఇరవై వేలు వస్తాయి. కాగితంలో ఉన్న లెక్క వేరు. డిస్ట్రిబ్యూషన్ ఫీజు 15 శాతం, అంటే 18,000 పోతే 1,02,000. ప్రమోషన్‌కి 35,000 ఖర్చయిందని రాస్తే మిగిలేది 67,000. అందులో సగం 33,500. అడ్వాన్స్ 40,000 ఇంకా తీరలేదు, 6,500 బాకీ. మా వాడికి వచ్చేది సున్నా. ఎవరూ దొంగతనం చేయలేదు చూడండి, అంతా కాగితం ప్రకారమే జరిగింది.

ఖర్చులు ఉండకూడదని అడగడం అన్యాయం, వాళ్ళూ పెట్టుబడి పెడుతున్నారు. కానీ ఖర్చుకి ఒక పైకప్పు ఉండాలి. ప్రమోషన్ ఖర్చు ఏడాదికి పది వేలు దాటకూడదు, దాటాలంటే ముందుగా రాతపూర్వకంగా ఒప్పుకోవాలి, 'ఇతర ఖర్చులు' అనే మాట ఉండకూడదు అని పెట్టించాం. ఇప్పుడు అదే లక్షా ఇరవైకి లెక్క వేస్తే, 18,000 పోయి, 10,000 పోయి 92,000. సగం 46,000. అడ్వాన్స్ తీరిపోయి ఆరు వేలు చేతికొస్తాయి. ఆరు వేలంటే ఏమంత అనిపించొచ్చు. కానీ అడ్వాన్స్ తీరిపోయింది కదా, రెండో ఏడాది నుంచి వాడి వాటా మొత్తం వాడికే.

చేపలు పట్టిన రోజు కాటా దగ్గర మన మనిషి నిలబడతాడు. పాటకి కాటా అంటే రాయల్టీ స్టేట్‌మెంట్. ఈ అగ్రిమెంట్‌లో స్టేట్‌మెంట్ ఆరు నెలలకోసారి, అది కూడా ఆరు నెలలు ముగిశాక 90 రోజుల లోపు. జాతర ఫాల్గుణంలో, అంటే ఫిబ్రవరి, మార్చిల్లో. అప్పుడు జనం విన్న పాట లెక్క సెప్టెంబర్ నెలాఖరుకి కనపడుతుందన్నమాట. ఇంత ఆలస్యం ఎందుకంటే కంపెనీకి కూడా యాప్‌ల నుంచి లెక్కలు నెలల తర్వాతే వస్తాయి, అందులో కొంత నిజముంది. మూడు నెలలకోసారి, ముగిశాక 60 రోజుల్లో ఇవ్వమని అడిగాం, ఇచ్చారు.

స్టేట్‌మెంట్‌లో ఏం ఉండాలో కూడా రాయించుకోండి. లేకపోతే 'ఈ పీరియడ్‌కి మీ రాయల్టీ రూ. 2,140' అని ఒక్క లైన్ వస్తుంది. దాన్ని ఎలా చెక్ చేస్తారు? ఏ యాప్, ఏ దేశం, ఏ నెల, ఎన్ని ప్లేలు, వచ్చిన మొత్తం ఎంత, ఏ ఖర్చు ఎంత కోశారు, ఇవన్నీ పాట ఐఎస్ఆర్‌సీ నంబర్ ఎదురుగా ఉండాలి. ఐఎస్ఆర్‌సీ అంటే ఆ రికార్డింగ్‌కి ఉండే పన్నెండు అక్షరాల కోడ్, దాని ఆధార్ నంబర్ అనుకోండి. మన వైపు నుంచి సరిచూసుకోవడానికి కూడా దారి ఉంది. పాట ఎవరు అప్‌లోడ్ చేసినా, ఆర్టిస్ట్‌గా స్పాటిఫై ఫర్ ఆర్టిస్ట్స్‌లో మన ప్రొఫైల్ క్లెయిమ్ చేసుకోవచ్చు. ఏ దేశంలో ఎన్నిసార్లు విన్నారో అక్కడ కనపడుతుంది. అదే మూడు నెలల స్టేట్‌మెంట్ పక్కన పెట్టుకోండి. చిన్న చిన్న తేడాలు ఉంటాయి, అది మామూలే. కువైట్ నుంచి వేలల్లో ప్లేలు అక్కడ కనిపిస్తూ, స్టేట్‌మెంట్‌లో ఆ దేశం పేరే లేకపోతే మాత్రం వెంటనే మెయిల్ పెట్టాలి.

వెంటనే అని ఎందుకన్నానంటే, ఎనిమిదో పేజీలో ఒక లైన్ ఉంది. స్టేట్‌మెంట్ ఇచ్చిన 60 రోజుల్లో అభ్యంతరం చెప్పకపోతే ఒప్పుకున్నట్టే. అంతేకాదు, స్టేట్‌మెంట్‌ని పోర్టల్‌లో పెడితే ఇచ్చినట్టే లెక్క. పోర్టల్ పాస్‌వర్డ్ మర్చిపోయి మూడు నెలలు ఊరుకుంటే అయిపోయింది. మెయిల్‌కి పంపిన రోజు నుంచే లెక్క, 60 రోజులు కాదు రెండేళ్ళు, ఏడాదికోసారి లెక్కల పుస్తకాలు చూపించమని అడిగే హక్కు, ఈ మూడూ అడిగాం. మెయిల్‌కి సరే అన్నారు, రెండేళ్ళని ఏడాది చేశారు. ఆడిట్‌కి అయ్యే ఖర్చు మనదే, తేడా పది శాతం దాటితే మాత్రం వాళ్ళది. నిజం చెప్పాలంటే ఆరు వేల కోసం ఎవరూ ఆడిట్ చేయించరు. కానీ ఆ లైన్ ఉంటే లెక్కలు కాస్త జాగ్రత్తగా రాస్తారు.

ఇక చివరిది, నాకు అన్నింటికంటే ఇంట్రెస్టింగ్‌గా అనిపించింది. రివర్షన్, అంటే పాట తిరిగి రావడం. పీడీఎఫ్‌లో ఇది అసలు లేదు. ఉన్నదల్లా 'సెక్షన్ 19(4) వర్తించదు' అని ఒక్క లైన్. మా వాడైతే అదేదో లీగల్ గోల అని దాటేశాడు. నేను వెతికి చూశాను. ఆ సెక్షన్ చెప్పేది ఇది: హక్కులు తీసుకున్నవాళ్ళు ఏడాదిలోపు వాటిని వాడకపోతే, వేరేలా రాసుకోకపోతే, వాడని ఆ హక్కులు రద్దయినట్టే. అంటే చట్టం ఇచ్చిన ఈ తిరుగుదారిని ఆ ఒక్క లైన్ మూసేస్తోంది. మన దేశంలో ఈ లైన్ చాలా కాంట్రాక్టుల్లో కనిపిస్తుంది. మీ పీడీఎఫ్‌లో 19(4) అని సెర్చ్ కొట్టండి, అది పది సెకన్ల పని.

ఆ లైన్ తీసేయించి, పాట ఎప్పుడెప్పుడు వెనక్కి రావాలో రాయించాం. ఐదేళ్ళు ముగిస్తే. ఆరు నెలల్లో విడుదల చేయకపోతే. డబ్బు గానీ స్టేట్‌మెంట్ గానీ ఇవ్వకపోతే మనం నోటీస్ ఇవ్వాలి, 30 రోజుల్లో సరిచేసుకోకపోతే అప్పుడు వెనక్కి వచ్చేస్తుంది. ఎవరి సంతకం కోసం ఎదురుచూడకుండా దానంతటదే రావాలన్న మాట కూడా పెట్టించాం.

కానీ కాగితం మీద వెనక్కి రావడం ఒకటి, ఇంటర్నెట్‌లో రావడం ఇంకొకటి. నాకు తెలిసిన వేరే ఒకతనికి గడువు అయిపోయింది, సంతోషంగా తన పాట తన ఛానెల్‌లో పెట్టుకున్నాడు. మరుసటి గంటలో కాపీరైట్ క్లెయిమ్ వచ్చింది, పాత కంపెనీ నుంచి. కావాలని చేసింది కాకపోవచ్చు. కంటెంట్ ఐడీలో ఆ పాట రిఫరెన్స్ ఫైల్ ఇంకా వాళ్ళ పేరు మీదే ఉంది, మెషిన్ దాని పని అది చేసుకుపోయింది. డిస్ప్యూట్ పెడితే అవతలివాళ్ళు సమాధానం చెప్పడానికి 30 రోజులు. పండగ సీజన్ అందులోనే అయిపోయింది.

అందుకే చెరువు అప్పజెప్పేటప్పుడు ఏమేం చేసివ్వాలో రాసుకున్నట్టు, ఇక్కడా రాయించాం. గడువు ముగిసిన 15 రోజుల్లో కంటెంట్ ఐడీ రిఫరెన్స్ తీసేయాలి, అన్ని యాప్‌ల నుంచి పాట దించేయాలి, హక్కులు తిరిగిచ్చామని ఒక లెటర్ ఇవ్వాలి. ఐఎస్ఆర్‌సీ నంబర్ కూడా చెప్పాలి. ఓనర్ మారినా ఆ రికార్డింగ్‌కి ఆ నంబర్ మారదు. మళ్ళీ అదే నంబర్‌తో అప్‌లోడ్ చేస్తే పాత ప్లేల లెక్క కలిసొచ్చే అవకాశం ఉంటుంది, కొత్త నంబర్‌తో పెడితే సున్నా నుంచి మొదలు. ఇంకొకటి, ఈ ఐదేళ్ళలో వాళ్ళు ఎవరికైనా ఇచ్చిన పర్మిషన్లు ఉంటాయి కదా, కాలర్ ట్యూన్ లాంటివి, అవి కూడా అదే రోజు ముగియాలని అడిగాం. దానికి మాత్రం ఒప్పుకోలేదు. ఆరు నెలలు అదనంగా ఉంటాయన్నారు, ఆ ఆరు నెలల వాటా మాత్రం ఇస్తారు. సరేలే అనుకున్నాం.

జాతర రోజు గుడి దగ్గర వాడు ఈ పాట పాడుకోవచ్చా, దాన్ని ఎవరైనా ఫోన్‌లో తీసి పెడితే క్లెయిమ్ వేయకుండా ఉంటారా అని కూడా అడిగించాడు. అది నా బుర్రకి తట్టలేదు, వాడికే తట్టింది. స్టేజి మీద పాడుకోవడం వాడి ఇష్టం అని రాసిచ్చారు. వీడియోల విషయంలో కమిటీ వాళ్ళ ఛానెల్ ఒక్కదాన్నే కంటెంట్ ఐడీ మినహాయింపు లిస్టులో పెడతామన్నారు.

శుక్రవారం కాస్తా ఆ పై బుధవారం అయింది. ఎవరూ ఆఫర్ వెనక్కి తీసుకోలేదు. తొమ్మిది మార్పులు అడిగితే నాలుగు పూర్తిగా ఒప్పుకున్నారు, మూడు సగం సగం, రెండు కుదరవన్నారు. సంతకం అయ్యాక వాడు మొదట చేసిన పని ఏంటో తెలుసా, తాడేపల్లిగూడెం వెళ్ళి స్టూడియోలో ఒరిజినల్ ట్రాక్‌లన్నీ ఒక హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేయించుకుని ఇంటికి తెచ్చుకున్నాడు. ఐదేళ్ళ తర్వాత పాట వెనక్కి వచ్చినా, ఆ స్టూడియో ఉంటుందో లేదో కదా.

మీ దగ్గర ఇలాంటి అగ్రిమెంట్ ఉంటే కామెంట్లో పీడీఎఫ్ పెట్టకండి, చాలావాటిలో కాన్ఫిడెన్షియాలిటీ క్లాజ్ ఉంటుంది. క్లాజ్ గురించి డౌట్ మాత్రం రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో కీబోర్డ్ ప్రోగ్రామర్‌తో ఏం రాయించుకోవాలో చూద్దాం, ఎందుకంటే మా వాడి పాటలో డప్పు లూప్ ఒకటి ఎక్కడి నుంచి తెచ్చారో ఆయనకే గుర్తు లేదంట. ఉంటా మరి, బాయ్.